రాగి హీట్ సింకా, అల్యూమినియమా: 18 వాట్ల లెక్కతో తేల్చుకోవడం ఎలా

మా బావ విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్లలో వాడే వీహెచ్ఎఫ్ రేడియో సెట్లు, జీపీఎస్‌లు, నీటి లోతు చూపే సౌండర్లు బాగుచేస్తాడు. వాటిని టేబుల్ మీద పెట్టి పరీక్షించుకోవడానికి ఇద్దరం కలిసి 13.8 వోల్టుల పవర్ సప్లై ఒకటి చేశాం. పెద్దదేం కాదు, 3 ఆంపియర్లు ఇస్తుంది. సెట్టు ఫుల్ పవర్‌లో ట్రాన్స్‌మిట్ చేస్తే ఇది చాలదు గానీ, రిసీవ్ చేయించడానికి, లో పవర్‌లో మాట్లాడించి చూడటానికి సరిపోతుంది. పెట్టె వెనక, వేడిని గాలిలోకి వదలడానికి రెక్కల్లాంటి ఫిన్లున్న అల్యూమినియం హీట్ సింక్ బిగించి, దాని మీద టిప్ 35సి ట్రాన్సిస్టర్ కూర్చోబెట్టాం. మే నెలలో ఒకరోజు బావ దాని మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు.

"ఏటిరా, ఇలా కాలిపోతోంది? రాగిది పెట్టేస్తే సగానికి దిగిపోద్ది కదా" అన్నాడు.

ఈ సగం అనేది గాలిలోంచి వచ్చిన మాటేం కాదు. ఉష్ణవాహకత పట్టిక తీస్తే రాగికి సుమారు 390, హీట్ సింకులు చేసే 6063 రకం అల్యూమినియానికి సుమారు 200 అని ఉంటుంది. రాగి రెట్టింపు బాగా వేడిని మోస్తుంది కాబట్టి సింక్ సగమే వేడెక్కుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మా పెట్టె విషయంలో రాగి పెడితే తగ్గేది 2 డిగ్రీలు. అది ఎలా తేలిందో, మీ పెట్టెకి మీరే ఎలా తేల్చుకోవాలో చెబుతాను. కావలసినవి ఒక మల్టీమీటర్, దానికి తగిలించే, ఉష్ణోగ్రత కొలిచే కె-టైప్ థర్మోకపుల్ తీగ, కాప్టన్ టేపు, వంటింటి కాటా. ఒక గంట టైం ఉంటే చాలు.

ముందు వేడి ఎన్ని వాట్లో లెక్క కట్టండి

ఈ అంకె తెలియకుండా ఏ లోహం అని అడగడంలో అర్థం లేదు. మాది లీనియర్ సప్లై, అంటే మిగులు వోల్టేజ్‌ని ట్రాన్సిస్టరే వేడిగా మార్చేసే రకం, కాబట్టి లెక్క చాలా తేలిక. లోడ్ పెట్టి ఉండగా ట్రాన్సిస్టర్‌కి ముందు వైపు 19.8 వోల్టులు వస్తున్నాయి, తరవాత వైపు 13.8 ఉన్నాయి. మధ్యలో పడిపోతున్నది 6 వోల్టులు. దాన్ని 3 ఆంపియర్లతో గుణిస్తే 18 వాట్లు. ఈ 18 వాట్లూ ట్రాన్సిస్టర్‌లోంచి బయటికి రావలసిందే. లోడ్ లేకుండా కొలిస్తే ముందు వైపు వోల్టేజ్ ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకె పనికిరాదు. బైకు 35 వాట్ల హెడ్‌లైట్ బల్బు లాంటిది తగిలించి, కరెంటు నిజంగా 3 ఆంపియర్లు వెళ్తోందని చూసుకున్నాకే కొలవండి.

మెట్టు మెట్టుకీ వేడి ఎంత పడుతోందో కొలవండి

ట్రాన్సిస్టర్ లోపలి సిలికాన్ ముక్కలో పుట్టిన వేడి గాలిలో కలిసేలోపు నాలుగు చోట్ల దాటాలి. సిలికాన్ నుంచి ట్రాన్సిస్టర్ వెనక ఉన్న లోహపు రేకుకి రావాలి. ఆ రేకు నుంచి, కరెంటు సింక్‌కి పోకుండా ఆపే మైకా ముక్కని, సందులు పూడ్చే పేస్ట్‌ని దాటి సింక్‌లోకి దిగాలి. సింక్‌లో ఆ చిన్న చోటు నుంచి పలక అంతా పరుచుకుని ఫిన్ల చివరిదాకా పోవాలి. చివరికి ఫిన్ల మీద నుంచి గాలిలోకి వెళ్ళాలి. ప్రతి చోటా కొంత ఉష్ణోగ్రత పడిపోతుంది. ఏ మెట్టులో ఎక్కువ పడుతోందో దాన్ని బాగుచేస్తేనే లాభం. రాగి మార్చగలిగేది మూడో మెట్టు ఒక్కటే.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. టిప్ 35సి వెనక రేకు లోపల కలెక్టర్‌కి కలిసి ఉంటుంది, అంటే దాని మీద దాదాపు 20 వోల్టులు ఉంటాయి. థర్మోకపుల్ కొన నేరుగా దానికి, సింక్‌కి ఒకేసారి తగిలితే షార్ట్ అవుతుంది. పవర్ ఆపి, కొనను వేడికి తట్టుకునే పసుపు రంగు కాప్టన్ టేపుతో అంటించి, అప్పుడు ఆన్ చేయండి. ఒకసారి రేకు మీద, ఒకసారి ట్రాన్సిస్టర్ పక్కనే సింక్ మీద, ఒకసారి సింక్ మూలన, ఇంకోసారి సింక్‌కి ఒక అడుగు దూరంలో గాలిలో కొలవండి.

గన్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మెరిసే లోహం మీద దాన్ని నమ్మొద్దు. మెరిసే రాగి, తెల్ల అల్యూమినియం తమ వేడిని కిరణాలుగా చాలా తక్కువ విడుదల చేస్తాయి, పైగా గదిలోని చల్లని గోడల్ని అద్దంలా చూపిస్తాయి. దాంతో 70 డిగ్రీలున్న ముక్క మీద 40 అని కూడా పడొచ్చు. చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, రెండు నిమిషాలు ఆగి, ఆ టేపు మీద గురిపెట్టండి. సింక్ మార్చగానే 20 డిగ్రీలు తగ్గిందని సంబరపడేవాళ్ళలో కొందరు నల్లటి అనోడైజ్డ్ అల్యూమినియాన్ని, మెరిసే రాగిని అదే గన్‌తో కొలిచి పోల్చినవాళ్ళే.

మా పెట్టె దగ్గర గాలి 36 డిగ్రీలు ఉంది. సింక్ మీద ట్రాన్సిస్టర్ పక్కన 76, మూలన 73 వచ్చింది. రేకు మీద మాత్రం 98. చూడండి, రేకుకీ సింక్‌కీ మధ్య, కాగితమంత మైకా ముక్క దగ్గరే 22 డిగ్రీలు పడిపోతోంది. రాగి గొడవ పక్కన పెట్టి ముందు అది విప్పాం. పాత డబ్బాలోంచి తీసి రాసిన తెల్ల పేస్ట్ ఎండి సుద్దలా పొడిపొడిగా రాలింది. పైగా స్క్రూ బెజ్జం చుట్టూ డ్రిల్ చేసినప్పుడు లేచిన అంచు అలాగే ఉండిపోయి ట్రాన్సిస్టర్‌ని ఒక పక్కకి ఎత్తి పట్టుకుంది. పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి ఆ అంచు గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త మైకాకి రెండు వైపులా పల్చగా పేస్ట్ రాసి బిగించాం. పల్చగా అంటే మైకా ఆ పూతలోంచి ఇంకా కనిపించాలి. ఇడ్లీ మీద కారప్పొడి నూనెలా పోసేస్తే పేస్టే అడ్డుగోడ అవుతుంది. పవర్ ఇచ్చేముందు రేకుకీ సింక్‌కీ మధ్య మల్టీమీటర్‌తో షార్ట్ లేదని చూసుకోవాలి.

మళ్ళీ కొలిస్తే రేకు 85కి దిగింది. అంటే మైకా దగ్గర పడేది 22 నుంచి 9 డిగ్రీలకి వచ్చింది. ఎంత ఖర్చయిందంటే ఒక మైకా ముక్క, కాస్త పేస్ట్.

ఇప్పుడు లోహం వాటా ఎంతో చూడండి

మా సింక్ పలక 100 మిల్లీమీటర్ల చదరం, మందం 6 మిల్లీమీటర్లు. దాని మీద 10 ఫిన్లు, ఒక్కొక్కటి 30 మిల్లీమీటర్ల ఎత్తు, 2 మిల్లీమీటర్ల మందం. గాలి తగిలే ఉపరితలం మొత్తం కలిపితే సుమారు 700 చదరపు సెంటీమీటర్లు, అంటే 0.07 చదరపు మీటర్లు. ఫ్యాన్ లేకుండా దానంతట అదే పైకి లేచే గాలి, ఒక చదరపు మీటరు నుంచి, ఒక డిగ్రీ తేడాకి సుమారు 7 వాట్లు తీసుకెళ్తుందని వేసుకోండి. ఇలాంటి సింకులకి 5 నుంచి 10 మధ్య ఉంటుంది. 7ని 0.07తో గుణిస్తే 0.49. అంటే ఒక డిగ్రీ తేడాకి దాదాపు అర వాటే పోతుంది. 18 వాట్లు పోవాలంటే సింక్ గాలి కంటే సుమారు 37 డిగ్రీలు వేడిగా ఉండాలి. 36కి 37 కలిపితే 73. మూలన మేము కొలిచింది కూడా అంతే.

ఈ లెక్కలో లోహం పేరు ఎక్కడా రాలేదని గమనించండి. గాలికి కావలసింది ఉపరితలం, ఉష్ణోగ్రత తేడా. దాని కింద ఉన్నది రాగా, అల్యూమినియమా అన్నది దానికి పట్టదు.

మరి లోహం ఎక్కడ వస్తుంది? రెండు చోట్ల. మొదటిది, ఫిన్ మొదలు కంటే చివర కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి చివరి భాగం పూర్తిగా పని చెయ్యదు. అది ఎంతో చూడటానికి ఒక సూత్రం ఉంది. ఇందులో h అంటే గాలి తీసుకెళ్ళే వేడి, k అంటే లోహం వాహకత, t ఫిన్ మందం, L ఫిన్ ఎత్తు, పొడవులన్నీ మీటర్లలో.

```
m = sqrt(2*h / (k*t))
fin efficiency = tanh(m*L) / (m*L)
```

h దగ్గర 7, t దగ్గర 0.002, L దగ్గర 0.03 వేస్తే అల్యూమినియం ఫిన్ 99 శాతం పనిచేస్తోంది. రాగి ఫిన్ 99.5 శాతం. ఈ అర శాతానికి 37 డిగ్రీల్లో కలిసొచ్చేది 0.2 డిగ్రీలు. థర్మోకపుల్ తప్పు కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

రెండోది పరుచుకోవడం. ట్రాన్సిస్టర్ కూర్చున్న చోటు సుమారు 3 చదరపు సెంటీమీటర్లే. అక్కడ దిగిన వేడి 100 చదరపు సెంటీమీటర్ల పలకంతా పాకాలి. దీనికి అల్యూమినియంలో మాకు కొలతలో వచ్చిన తేడా 3 డిగ్రీలు. రాగి అయితే సగం, అంటే ఒకటిన్నర. ఇక్కడ మాత్రం బావ చెప్పిన సగం అక్షరాలా నిజం. కాకపోతే ఆ సగం 3 డిగ్రీల్లో సగం.

అన్నీ కలిపి చూస్తే, టిప్ 35సి లోపల ఒక వాటుకి ఒక డిగ్రీ చొప్పున 18 డిగ్రీలు పడతాయి, అది డేటా షీట్‌లో ఉన్న అంకె. మైకా దగ్గర 9, సింక్‌లో 3, గాలిలోకి 37. 36 డిగ్రీల గాలి మీద ఇవన్నీ పేరిస్తే సిలికాన్ 103 డిగ్రీల దగ్గర ఉంటుంది. రాగి పెడితే 101. దాని హద్దు 150.

అదే సింక్ మీదకి ఎనభై మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి ఊదితే గాలి తీసుకెళ్ళే వేడి మూడు నాలుగు రెట్లవుతుంది. 37 డిగ్రీల మెట్టు పది పన్నెండుకి వచ్చేస్తుంది. ఫ్యాన్ వద్దనుకుంటే కనీసం ఫిన్లు నిలువుగా ఉండేలా సింక్‌ని తిప్పండి. అడ్డంగా ఉంటే వేడిగాలి ఒక ఫిన్ కింద ఇరుక్కుని పైకి పోలేదు. మొదట్లో మేమే పెట్టెలో చోటు కలిసొస్తుందని అడ్డంగా బిగించి, తరవాత విప్పి తిప్పాం.

చెయ్యి వేసి పోల్చకండి

ఇంత చెప్పినా బావ ఒప్పుకోలేదు. పాత సామాన్ల కొట్టులో ఏదో టెలికాం పెట్టెలోంచి ఊడదీసిన రాగి సింక్ దొరికితే పట్టుకొచ్చాడు. కొలతలు దాదాపు మాదాని లాగే ఉన్నాయి. బిగించి, ఆన్ చేసి, పది నిమిషాల తరవాత చెయ్యి వేసి, "చూడరా, ఎంత చల్లగా ఉందో" అన్నాడు. నిజంగానే చల్లగా ఉంది. మీటర్ కూడా అల్యూమినియం పది నిమిషాల్లో చూపిన దానికంటే నాలుగైదు డిగ్రీలు తక్కువే చూపింది.

దీనికి కారణం వాహకత మాత్రం కాదు. ఒకే సైజు ముక్కలు తీసుకుంటే రాగి ఎక్కువ వేడిని దాచుకుంటుంది. ఒక ఘన సెంటీమీటర్ రాగి ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 3.45 జౌళ్ళు కావాలి, అల్యూమినియానికి 2.43 చాలు. మా సింక్‌లో లోహం 120 ఘన సెంటీమీటర్లు. అంటే రాగిదానికి డిగ్రీకి 414 జౌళ్ళు, అల్యూమినియందానికి 292. పెద్ద బిందె నిండటానికి ఎక్కువసేపు పట్టినట్టు రాగి నెమ్మదిగా వేడెక్కుతుంది. పది నిమిషాల దగ్గర లెక్క వేస్తే అల్యూమినియం గాలి కంటే సుమారు 23 డిగ్రీలు పైకి చేరుతుంది, రాగి 19 దగ్గరే ఉంటుంది. గంట గడిచాక అల్యూమినియం 37, రాగి 36 పైచిలుకు.

కాబట్టి మీరు ఏ రెండు సింకుల్ని పోల్చినా కనీసం గంటసేపు ఒకే లోడ్ మీద ఉంచండి. పది నిమిషాలకోసారి రాసుకుంటూ పోతే, వరసగా రెండుసార్లు అంకె అర డిగ్రీ కూడా కదలనప్పుడు అది నిలబడినట్టు. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, లేకపోతే మీరు కొలిచేది సీలింగ్ ఫ్యాన్‌నే. బావకి గంట ఆగే ఓపిక లేదు, టీ తాగొద్దాం పద అని బయటికి తీసుకెళ్ళాను. వచ్చి చూస్తే రెండు డిగ్రీల తేడా మిగిలింది.

ఈ నెమ్మదితనం పనికొచ్చే చోటు కూడా ఉంది. మీ పరికరం ఒక నిమిషం గట్టిగా పనిచేసి పది నిమిషాలు ఊరుకునే రకమైతే, అదే సైజులో రాగి ముక్క ఆ పోటుని మింగేస్తుంది. కానీ సైజు కాకుండా బరువు ఒకటే అనుకుంటే కథ తిరగబడుతుంది. ఒక కిలో అల్యూమినియం ఒక కిలో రాగి కంటే రెండు రెట్ల పైన వేడి దాచుకుంటుంది.

కాటా మీద పెట్టండి, తరవాత ధర అడగండి

అల్యూమినియం సింక్ వంటింటి కాటా మీద 324 గ్రాములు తూగాలి. లెక్క తేలికే, 120 ఘన సెంటీమీటర్లని సాంద్రత 2.7తో గుణించాం. రాగి సాంద్రత 8.96 కాబట్టి అదే ముక్క ఒక కిలో 75 గ్రాములు. మూడు రెట్ల పైన. టేబుల్ మీద కదలకుండా ఉండే పెట్టెకి ఇది పెద్ద ఇబ్బంది కాదు. సర్క్యూట్ బోర్డు మీదే సింక్ నిలబెట్టేవాళ్ళకి, బోటులోనో ఆటోలోనో బిగించేవాళ్ళకి మాత్రం ఇదే అసలు ప్రశ్న. ఇంజిన్ అదురుకి కిలో ముక్క ఊగుతుంటే ఆ బలమంతా ట్రాన్సిస్టర్ మూడు కాళ్ళ మీద, వాటి సోల్డర్ మీద పడుతుంది. కొన్నాళ్ళకి కాలు చుట్టూ సన్నటి గుండ్రటి చీలిక కనిపిస్తుంది. అప్పుడు సెట్టు తడితే పనిచేస్తుంది, వదిలేస్తే ఆగిపోతుంది. బరువైన సింక్ తప్పదంటే ముందు దాన్ని పెట్టె గోడకి నాలుగు స్క్రూలతో బిగించి, ట్రాన్సిస్టర్‌ని దానికి బిగించి, ఆఖరున కాళ్ళు సోల్డర్ చేయండి. వరస తిరగేస్తే కాళ్ళు పుట్టుకతోనే లాగబడి ఉంటాయి.

ఇక ధర. 2024లో లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో రాగి టన్ను సగటున 9,000 డాలర్ల పైన, అల్యూమినియం సుమారు 2,400 డాలర్లు పలికాయి. కిలోకి దాదాపు నాలుగు రెట్లు. కానీ మీరు కొనేది కిలోలు కాదు, ఒక ఆకారం. అదే ఆకారానికి రాగి మూడు రెట్ల పైన బరువు తూగుతుంది కాబట్టి రెండూ గుణించుకుంటే ముడిసరుకుకే సుమారు పన్నెండు రెట్లు పడుతుంది.

పని కూలి ఆపైన. అల్యూమినియం సింకులు చౌకగా రావడానికి లోహం ధర ఒక్కటే కారణం కాదు. దాన్ని 450 నుంచి 500 డిగ్రీల దాకా వేడిచేసి అచ్చులోంచి నొక్కితే, జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు, ఫిన్లతో సహా బారుగా వచ్చేస్తుంది. కావలసినంత కోసుకోవడమే. రాగిని అలా నొక్కాలంటే ఇంకా చాలా ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి కావాలి, సన్నటి ఫిన్లున్న అచ్చు దానికి నిలవదు. అందుకే రాగి సింకుల్లో ఫిన్లని దిమ్మ మీద నుంచి ఒక్కొక్కటిగా చెక్కి లేపుతారు, లేదంటే రేకులు విడిగా చేసి సోల్డర్ చేస్తారు. గాజువాక ఆటోనగర్‌లో మిల్లింగ్ చేసేవాళ్ళని అడిగి చూడండి, రాగి అనగానే మొహం మాడ్చుకుంటారు. అది టూలుకి జిగురులా అంటుకుంటుంది, డ్రిల్ బిట్‌ని పట్టేస్తుంది. 3 మిల్లీమీటర్ల ట్యాప్ అయితే మరలో ఉండగానే విరిగి లోపలే ఉండిపోతుంది. మేము ఒకటి అలా పోగొట్టుకున్నాం. అల్యూమినియానికి రెండు చుక్కల కిరసనాయిలు వేసి ట్యాప్ తిప్పితే హాయిగా దిగుతుంది.

రాగి నిజంగా అవసరమయ్యేది ఎక్కడ

పైన పరుచుకునే మెట్టు 3 డిగ్రీలే ఉంది కాబట్టి రాగి ఓడిపోయింది. ఆ మెట్టు పెద్దదైతే రాగే గెలుస్తుంది. ఒక సెంటీమీటర్ చదరం ఉన్న ప్రాసెసర్ ముక్కలోంచి 100 వాట్లు దిగుతున్నాయనుకోండి. అదే 6 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకలో ఆ వేడి పరుచుకోవడానికే సుమారు 30 డిగ్రీలు ఖర్చవుతాయి. రాగిలో 15. ఆ 15 డిగ్రీలతో ప్రాసెసర్ నెమ్మదించకుండా నడుస్తుంది. గట్టి ఫ్యాన్ పెట్టి గాలి మెట్టుని ఎంత తగ్గించినా ఈ మెట్టు తగ్గదు, లోహాన్ని మార్చాలి, లేదా పలక మందం పెంచాలి.

గుర్తుపట్టడం కష్టం కాదు. మూలన ఫిన్లు గోరువెచ్చగా ఉండి, చిప్ పక్కన సింక్ సలసల కాగుతుంటే వేడి పరుచుకోవడం లేదన్నమాట, రాగి గురించి ఆలోచించండి. సింక్ అంతా ఒకేలా కాలుతుంటే గాలి చాలడం లేదు, రాగి మీద డబ్బు పెట్టకండి. సింక్ చల్లగా ఉండి ట్రాన్సిస్టర్ మాత్రం కాలుతుంటే మైకా, పేస్ట్ దగ్గర తప్పుంది.

రాగి అంతటా ఉండక్కర్లేదు కూడా. వంటింట్లో అడుగున రాగి ఉన్న స్టీలు గిన్నె చూసే ఉంటారు. మంట తగిలిన చోటే మాడకుండా అడుగంతా సమంగా కాగడానికే ఆ రాగి, గిన్నె మొత్తం రాగితో చెయ్యరు. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల గుండ్రటి కూలర్లు కొన్నింటిని తిరగేస్తే అల్యూమినియం మధ్యలో రూపాయి బిళ్ళలా రాగి దిమ్మ కనిపిస్తుంది, అదీ ఇదే ఉపాయం. ఇంట్లో చేసుకోవాలంటే 3 మిల్లీమీటర్ల రాగి పలకని ట్రాన్సిస్టర్‌కీ అల్యూమినియం సింక్‌కీ మధ్య పెట్టొచ్చు. అయితే దాంతో పేస్ట్ పూసే చోటు ఇంకొకటి పెరుగుతుంది. పలక అద్దంలా చదునుగా లేకపోతే ఆ చోటే మీరు మిగుల్చుకున్న డిగ్రీల్ని తినేస్తుంది. గాజు ముక్క మీద నీళ్ళతో వాడే సన్నటి గరుకు కాగితం పరిచి, పలకని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. గీతలు పలకంతా సమంగా పడేదాకా ఆపకండి.

ఉప్పుగాలి సంగతి

మన ఊళ్ళో ఈ రాగి-అల్యూమినియం జోడీకి ఇంకో చిక్కుంది. రెండు లోహాలు ఆనుకుని, మధ్యలో ఉప్పు తేమ చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది, అందులో కరిగిపోయేది అల్యూమినియం. బీచ్ రోడ్డు పక్క ఇళ్ళలో, హార్బర్ షెడ్లలో వానాకాలం గడిచేసరికి అతుకు అంచున తెల్లటి పొడి పేరుకుంటుంది. ఆ పొడి అతుకు మధ్యలోకి పాకితే లోహాల్ని విడదీస్తుంది, ఉష్ణోగ్రత మళ్ళీ ఎక్కడం మొదలవుతుంది. తప్పనిసరిగా రెండూ కలపాల్సి వస్తే నికెల్ పూత ఉన్న రాగి తీసుకోండి, లేదా పలకంతా పల్చగా సోల్డర్ పూయించి చదును చేయండి. బిగించాక అంచు చుట్టూ పేస్ట్ కొద్దిగా బయటికి వచ్చి ఉంటే తుడిచేయకండి, తేమని అదే ఆపుతుంది. ద్రవలోహపు పేస్ట్ అని అమ్మేవాటిలో గాలియం ఉంటుంది. అది రాగి మీద ఫర్వాలేదు గానీ, అల్యూమినియం మీద వేస్తే లోహం లోపలికి ఇంకి దాన్ని బిస్కెట్‌లా పెళుసు చేసేస్తుంది.

బోటు మీదకి వెళ్ళే పెట్టె అయితే నేను నల్ల అనోడైజ్డ్ అల్యూమినియం ఒక్కటే వాడతాను, రాగి దరిదాపుల్లోకి రానివ్వను. అనోడైజ్ పొర ఉప్పుకి కొంత అడ్డు నిలుస్తుంది, పైగా వేడిని కిరణాలుగా బాగా వదులుతుంది కాబట్టి ఫ్యాన్ లేని పెట్టెకి కాస్త కలిసొస్తుంది. స్క్రూ బెజ్జాల దగ్గర ఆ పొర పోతుంది, అక్కడ గ్రీజు రాయాలి.

మా సప్లైకి అల్యూమినియం సింకే తిరిగి ఎక్కించాం, ఫిన్లు నిలువుగా, పైన 12 వోల్టుల ఫ్యాన్‌తో. ఇప్పుడు సింక్ 50 దాటడం లేదు. థర్మోకపుల్‌ని రేకు పక్కనే టేపుతో అలాగే వదిలేసి, తీగ బయటికి తీశాం. నెలకోసారి 3 ఆంపియర్ల మీద గంట నడిపి రేకుకీ సింక్‌కీ తేడా రాసుకుంటాడు బావ. మొన్న అక్టోబర్ వానలయ్యాక 9 ఉన్నది 11 అయింది. 15 దాటితే మళ్ళీ మైకా విప్పాలని పెట్టె మీద మార్కర్‌తో రాసిపెట్టుకున్నాడు. ఆ కిలో రాగి దిమ్మని మాత్రం అమ్మలేదు, సోల్డర్ చేసేటప్పుడు బోర్డులు కదలకుండా వాటి మీద బరువుగా పెడుతున్నాడు.